హజరత్తయ్య గేజి పెట్టిన రోజు

కొళాయి ఫిట్టరు హజరత్తయ్యకు ఇద్దరు పిల్లలు, ఒక గేజి అని చెప్పుకునేది ఆయన భార్య చెంచమ్మ. పిల్లల్ని ముందు చెప్పడం మర్యాద కోసమేనని కూడా తనే అనేది. పైపులో నీళ్ళ ఒత్తిడి ఎంతుందో కొలిచే గేజి అది. ఇత్తడి అంచు, గాజు మూత, లోపల నల్లటి ముల్లు. దాన్ని హజరత్తయ్య, భార్య పాత చీర ముక్కలో చుట్టి, పసిబిడ్డను మోసినట్టు చంకలో పెట్టుకుని నెల్లూరు వీధుల్లో తిరిగేవాడు. రెంచీలు మటుకు సంచిలో గలగలమంటూ దొర్లుతుండేవి.

కొళాయి నీళ్ళు ఊళ్ళో అందరి ఇళ్ళకూ ఇంకా చేరని అరవైల మొదటి రోజులవి. గేజి పెట్టేటప్పుడు నలుగురూ చుట్టూ మూగాలి, ఆయన గొంతు సవరించుకోవాలి, అంకె గట్టిగా చదవాలి. ఒకసారి ఒక పెళ్ళివారింట ముల్లు సున్నా చూపిస్తుంటే, పైపు అంతా మూసుకుపోయిందని అరగంట ఉపన్యాసం ఇచ్చాడు. చివరికి ఆ ఇంటి ముసలమ్మ వచ్చి, "కొళాయి తిప్పినావా నాయనా?" అని అడిగింది. తిప్పలేదు. ఆ కథ ఆయనే అందరికీ చెప్పి నవ్వించేవాడు. కామమ్మ ఇంటి కథ మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఒక పొద్దున కామమ్మ ఆయన గుమ్మం ముందుకు వచ్చి నిలబడింది. మొగుడు జయరామయ్య మంచం పట్టి ఉన్నాడు. డాక్టరు చేతులెత్తేశాడు.

"అన్నా, నువ్వు గేజి తీసుకుని మా తోడికోడలి ఇంటికి రావాల. నీళ్ళు మేం లాగడంలేదని ఆమె నోట అనిపించాల. ఆ ఒక్క మాట కోసమే ఆయన పానం నిలబడుండాది."

సంగతి వీధి వీధంతటికీ తెలిసిందే. ఒకే ఇంటిని మధ్యన గోడ పెట్టి అన్నదమ్ములు పంచుకున్నారు. అన్న వెంకయ్య పోయాడు. ఆయన భార్య ఆదిశేషమ్మ ఒక భాగంలో, తమ్ముడు జయరామయ్య మరో భాగంలో. తల్లి లేని జయరామయ్యకు అన్నం కలిపి పెట్టి పెంచింది ఆ వదినే. వీధిలోంచి వచ్చే పైపు గోడ దగ్గర రెండుగా చీలి చెరో ఇంటికీ పోతుంది. జయరామయ్య స్నానాల గదిలో కొత్త కొళాయి పెట్టించుకున్న ఏడే వదిన కొళాయి సన్నగిల్లింది. మరిదే తన నీళ్ళు లాగేస్తున్నాడని ఆమె లెక్క ఆమె కట్టుకుంది. అప్పటినుంచి గోడకు ఇటూ అటూ మాటల్లేవు.

నీళ్ళు వదిలే వేళకు హజరత్తయ్య వెళ్ళాడు. ఆదిశేషమ్మ వాకిట్లోనే అడ్డం నిలబడింది.

"వాళ్ళు పంపిస్తే వచ్చినావా?"

"నన్నెవరు పంపినా, నా గేజిని ఎవురూ పంపలేరు తల్లీ. దానికి చుట్టరికాలు లేవు."

ఆమెకు నవ్వు వచ్చినట్టే వచ్చి ఆగింది. పక్కకు జరిగింది.

వాకిట్లో కొళాయి మూతికి జనపనార చుట్టి, గేజి బిగించాడు. ఇంట్లో కొళాయిలన్నీ కట్టించాడు. ఈసారి మరిచిపోకుండా వాకిటి కొళాయి తిప్పాడు. ముల్లు లేచి, రెండుసార్లు వణికి, నిలిచింది. గొంతు సవరించుకున్నాడు.

"పద్దెనిమిది పౌన్లు! ట్యాంకులో నీళ్ళు ఇక్కడికి నలభై అడుగుల పైన ఉండాయన్నమాట. నిండుగా ఉంది ప్రెషరు!"

గోడ అవతల మంచం కిర్రుమంది. కామమ్మ గొంతు వినబడింది. "విన్నావా? నిండుగా ఉండాదంట!"

ఆదిశేషమ్మ చీరకొంగు బిగించింది. "నిలబడిన నీళ్ళను నేనేం చేసుకునేది? బిందెలోకి దిగాల గదా!"

ఆమె అన్నది సరైన మాటే. కదలని నీటికి ఇరుకు సంగతి తెలియదు. పైపులో ఎంత అడ్డున్నా, రొంత సందుంటే చాలు, నిలకడ మీద ముల్లు పూర్తిగానే లేస్తుంది. పారేటప్పుడే అడ్డం బయటపడేది. అందుకని లోపల స్నానాల గదిలో కొళాయి వదలమన్నాడు. వాకిట్లో ముల్లు సర్రున జారింది. పది, ఏడు, మూడు. మూడు దగ్గర వేలాడింది. లోపల బిందెలో దారంలా నీళ్ళు.

అలవాటు పాడుగాను. "మూడు!" అని అరిచాడు హజరత్తయ్య.

ఆదిశేషమ్మ గోడ దగ్గరకు ఒక్క అంగలో పోయింది. "పద్దెనిమిదిలో పదిహేను నువ్వే లాగినావురా జయరామా! పోతా పోతా కూడా నా నోటికాడ నీళ్ళు లాగతా ఉండావా!"

అవతల మంచం ఈసారి కిర్రుమనలేదు.

హజరత్తయ్యకు అప్పుడు గుర్తొచ్చింది. చేయవలసిన పరీక్ష ఒకటి మిగిలి ఉంది. అది ముందే చేయవలసింది. ఈమె కొళాయిలు కట్టి ఉండగా పక్కింటి కొళాయి వదిలించి ముల్లు చూడాలి. వాళ్ళు లాగితే అప్పుడే పడిపోవాలి.

"అమ్మా, ఆగు. లోపల కొళాయి కట్టెయ్యి. కామమ్మా! మీ కొళాయి పూరా వదులు!"

గోడ అవతల నీళ్ళు ధారగా పడుతున్న చప్పుడు స్పష్టంగా వినిపించింది. గేజిలో ముల్లు పద్దెనిమిది నుంచి పదహారుకు వచ్చి, అక్కడే కూర్చుంది. ఈసారి అంకె అరవలేదు. ఆదిశేషమ్మను దగ్గరకు పిలిచి చూపించాడు.

"వాళ్ళ కొళాయి బారుగా పోతా ఉంటే తగ్గింది రెండే పౌన్లు. నీది వదిలితే పదిహేను తగ్గింది. అడ్డం నీ పైపులోనే ఉండాది తల్లీ."

ఆమె గేజిని చూసింది. గోడను చూసింది.

చీలిక దాటాక ఆమె పైపు మీద మట్టి తవ్వాడు. ఇటుకల గూట్లో ఒక తిప్పుడు వాల్వు. ముప్పాతిక మూసి, తుప్పు పట్టి ఉంది. ఎవరు మూశారో ఆదిశేషమ్మే చెప్పింది, తనలో తాను చెప్పుకున్నట్టు. ఈ ఇంటికి కొళాయి పెట్టిన కొత్తల్లో, వదిలితే చాలు పైపు టకటకమని కొట్టుకునేది. నిద్ర పట్టడం లేదని తనే వెంకయ్యను సాధించింది. ఆయన ఏదో తిప్పి వచ్చి, "ఇంక కొట్టుకోదులే" అన్నాడు. మిగిలిన సందులో ఏటేటా మడ్డి పేరుకుంటూ వచ్చింది. వాల్వు సంగతి చెప్పకుండానే ఆయన పోయాడు.

హజరత్తయ్య వాల్వు పూర్తిగా విప్పి మడ్డి కడుగుతుండగా ఆమె మట్టికాళ్ళతోనే గోడ చుట్టి పక్కింటికి వెళ్ళింది.

"అబ్బయా, నువ్వు కాదురా. నేనే తప్పుగా అనుకున్నాన్రా. ఇటు తిరుగు నాయనా."

జయరామయ్య గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ఊపిరి ఆడుతోంది. విన్నాడో లేదో తెలియలేదు. ఆమె మంచంపట్టె మీద కూర్చుని అదే మాట మళ్ళీ మళ్ళీ చెప్పింది. కామమ్మ ఆమెను పొమ్మనలేదు, ఉండమనలేదు. హజరత్తయ్య గుమ్మం దగ్గర కాసేపు నిలబడి, ఏం చేయాలో తోచక ఇంటికి వెళ్ళిపోయాడు. గేజిని కొళాయికే వదిలేసి పోవడం ఆయన జీవితంలో అదొక్కసారే. సాయంత్రానికి జయరామయ్య పోయాడని తెలిసింది. అప్పటిదాకా ఆయన ఇటు తిరగలేదట.

మర్నాడు పొద్దున గేజి విప్పుకొని, ఎవరి కంటా పడకుండా వచ్చేద్దామని వెళ్ళాడు. ఆదిశేషమ్మ వాకిలి నిండా ఆడవాళ్ళు. శవస్నానానికి నీళ్ళు ఆమె ఇంటినుంచే పట్టాలని ఆమె పట్టుబట్టిందట. స్నానాల గదిలో కొళాయి పూర్తిగా వదిలి ఉంది. బిందె పెట్టడం, నిండడం, తీయడం. ఆ ఇంట్లో అంత లావు ధార ఏళ్ళ తర్వాత అదే మొదలు.

లోపల అంత ధార పోతున్నా వాకిట్లో గేజి ముల్లు నిలకడగా ఉంది. ఆయన వంగి చూశాడు.

"పద్నాలుగు," అన్నాడు పైకే.

నీళ్ళు మోస్తున్న ఆడవాళ్ళందరూ ఆగి ఆయనవైపు చూశారు. హజరత్తయ్యకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆదిశేషమ్మ బిందె చంకకెత్తుకుంటూ, ఆయన ముఖం చూడకుండానే, "బాగా వస్తా ఉండాయి నీళ్ళు," అని చెప్పి గోడ అవతలికి నడిచింది.