డాక్టరమ్మ చెప్పిన గుర్రం

నా బిడ్డకు తట్టు పోసినప్పుడు మేము పెద్దపల్లిలో మగ్గం మీద బతికేవాళ్ళం. అమ్మతల్లిని సాగనంపేదాకా పిల్లను గడప దాటించకూడదని మా అత్త పట్టుబట్టింది. ఇంటిముందు వేపమండలు కట్టి, నీళ్ళు పోసే రోజు కోసం చూస్తూ కూర్చున్నాము. ఈలోగా దగ్గు ఛాతీలోకి దిగింది. బిడ్డ ఊపిరికి తన్నుకుంటుంటే అప్పుడు టాంగా కట్టించుకుని ఆసుపత్రికి పోయాము.

డాక్టరమ్మ దొరసాని. బిడ్డను మంచం మీద పడుకోబెట్టించి, సూదిమందు వేసి, మావైపు చూసి ఇంగ్లీషులో ఏదో అంటూ తల ఊపింది. నర్సమ్మది మలయాళ దేశం, తెలుగు కొత్త. ఆ మాటను ఉన్నదున్నట్టు మార్చబోయి, గుర్రం పోవడం, కొట్టానికి తలుపు వేయడం అంటూ ఏదో చెప్పింది.

"మనకు గుర్రమేడిదే? సాలోల్లం," అంది అత్త.

"టాంగ గుర్రమవ్వా!" అన్నాడు మా ఆయన. "గా గుర్రం పోకముందే పెద్ద దవఖానకు తీస్కపొమ్మంటుంది. గీడ తలుపులు మూస్తరట. ఏయ్, బిడ్డనెత్తుకో, జల్ది!"

డాక్టరమ్మ అప్పటికే వేరే గదిలోకి వెళ్ళింది. నర్సమ్మ అడ్డం వచ్చి చేతులు ఊపింది. తొందరపెడుతోందనుకున్నాము. కరీంనగర్ తోవలో, టాంగాలోనే బిడ్డ పోయింది.

చాలా ఏళ్ళకు ఆడవాళ్ళ బడిలో అక్షరాలు నేర్చుకున్నాను. పంతులమ్మది హుస్నాబాద్. తను ఏదో పరీక్షకు చదువుకుంటూ, మన సామెతలకు ఇంగ్లీషు సామెతలు వెతుకుతుండేది. ఆ రోజు చెయ్యి కాల్చుకున్నాక గిన్నె దించడానికి ఆకుల కోసం చూసే మనిషి సామెత వచ్చింది.

"ఆకులని రాస్తే దొరలకు సమజ్ గాదు పెద్దమ్మా. మాటకు మాట పెట్టొద్దు. గిది ఎవల్ని, ఎప్పుడంటరో చూడాలె."

మొదట ఇంగ్లీషువాళ్ళ ఒలికిన పాల సామెత చూసి వద్దనుకుంది. "అది ఏడ్వకుమంటది. మనది ఏడుపు గురించి గాదు. చెడ్డంక పడే జాగ్రత్త గురించి. ఎత్తిపొడుపు గూడ ఉండాలె." కాసేపు పుస్తకం తిరగేసింది. "ఆఁ, దొరికింది. గుర్రాన్ని దొంగలు తోలుకపోయినంక కొట్టానికి తాళమేసేటోని మాట."

ఆమెకు ఆసుపత్రి సంగతంతా చెప్పాను. ఆమె పుస్తకం మూసేసింది.

"అంటే పొమ్మనలేదా?" అని అడిగాను.

"పొమ్మనలే పెద్దమ్మా. ఆలస్యం చేసిండ్రన్నది."

"ఆ మంచం మీదనే ఉంచితే బతికేదా?"

"గా ముచ్చట సామెతల ఉండదు," అంది మెల్లగా.

ఇంటికి వచ్చి మా ఆయనకు చెప్పలేదు. ఆ రోజు టాంగా కోసం పరుగెత్తింది ఆయన. బిడ్డను మంచం మీంచి ఎత్తుకున్నది నేను.