ప్రవర్తన గురించి ఒక్క వాక్యం

మా రెస్టారెంట్లో పని మానేసి వెళ్ళేవాళ్ళకి ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ టైపు చేసేది నేనే. జూబ్లీహిల్స్ నుంచి ఫిల్మ్‌నగర్ వైపు దిగే రోడ్డు మీద ఉంటుంది మా రెస్టారెంట్. కింద డైనింగ్ హాలు, పైన సరుకుల గది. ఆ గదిని ప్లైవుడ్ చెక్కతో సగానికి విడదీసి నాకు ఆఫీసు ఇచ్చారు. హాజరు, జీతాలు, లెటర్లు నా పని. రోజంతా ఉల్లిపాయల వాసన వస్తుంది కానీ మనుషులతో మాట్లాడాల్సిన పని తక్కువ. అందుకే చేరాను. ఫోన్ మోగితే ఇంకెవరైనా ఎత్తితే బాగుండునని చుట్టూ చూసే మనిషిని నేను.

ఇది ఒక వెయిటర్ సర్టిఫికెట్ సంగతి. ఆయనది బోరబండ. నేను అన్నా అనేదాన్ని, ఆయన నన్ను చెల్లె అనేవాడు. టేబుళ్ళు తుడిచే పనిలో చేరి, వెయిటరై, చివరికి మిగతా వెయిటర్లకి పని పంచే కెప్టెన్ అయ్యాడు. రెస్టారెంట్ ఓనరైన మా సార్ ఊళ్ళో లేనప్పుడు క్యాష్ కౌంటర్ తాళాలు అన్న దగ్గరే ఉండేవి.

ఒక ఆదివారం మధ్యాహ్నం మూల టేబుల్ దగ్గర ఒక సినిమా హీరో వాళ్ళమ్మతో కలిసి భోంచేస్తున్నాడు. పక్క టేబుల్లో మా సార్ స్నేహితుడు, సినిమాలకి డబ్బు పెట్టే మనిషి, తన వాళ్ళందరితో కూచున్నాడు. ఆయన మా వెయిటర్ అన్నను పిలిచి, వెళ్ళి ఆ హీరోని సెల్ఫీకి లేపి తీసుకురమ్మన్నాడు. "తింటున్నరు సార్. చెయ్యి కడుక్కున్నంక నేనే అడుగుత" అన్నాడు అన్న. అంతే, ఆ మనిషి గొంతు పెంచాడు. మా సార్ పరుగున వచ్చి క్షమాపణ చెప్పమన్నారు. అన్న చెప్పాడు. వినపళ్ళేదు, మళ్ళీ గట్టిగా చెప్పు అన్నారు సార్. అన్న చెప్పలేదు. చేతిలో ఉన్న నీళ్ళ జగ్గు టేబుల్ మీద పెట్టి వంటగదిలోకి వెళ్ళిపోయాడు.

మర్నాడు రాజీనామా ఇచ్చాడు. నోటీసు నెల మొత్తం ఒక్క రోజు మానకుండా పనిచేశాడు. ఎయిర్‌పోర్టు దగ్గర ఒక పెద్ద హోటల్లో కెప్టెన్ ఉద్యోగం ఖాయమైంది. చేరాలంటే ఇక్కడి సర్టిఫికెట్ కావాలి. అది లేకపోతే ఆ ఉద్యోగం లేదు, ఇక్కడి ఉద్యోగం ఎలాగూ లేదు.

నేను చాలా ఇష్టంగా రాశాను. అదే తప్పయింది. ఇంటిదగ్గర యూసుఫ్‌గూడ గదిలో రాత్రిళ్ళు డైరీ రాసుకునే చేత్తో రాశానన్నమాట. ఆయన చిరునవ్వు గురించి, ఓర్పు గురించి, ఏ ఏ తారలకి ఆయన వడ్డించాడో పేర్లతో సహా రాశాను. మేమిచ్చేది ఇంగ్లిష్‌లోనే కాబట్టి, పెద్ద పెద్ద ఇంగ్లిష్ మాటలు వెతికి మరీ పెట్టాను. స్టాఫ్ భోజనాలప్పుడు అన్నకు ఒక్కో వాక్యం చదివి తెలుగులో చెప్పాను. ఆయన ముద్ద చేతిలో పట్టుకుని అలాగే విన్నాడు.

"చెల్లె, గిది నాకు సన్మాన పత్రం లెక్కున్నది. శాలువ ఒక్కటే తక్కువ."

పక్కనున్న వెయిటర్లు పడీ పడీ నవ్వారు. నా చెవులు వేడెక్కాయి.

"బాలేదా అన్నా?"

"మంచిగున్నది. గంత మంచిగుంటే ఎవలు నమ్ముతరు? నా బామ్మర్ది రాసిండు అనుకుంటరు. ఇగ ఆ పెద్దోళ్ళ పేర్లెందుకు? వాళ్ళేం తిన్నరో బయట చెప్పేటోడని ఆ కొత్త హోటలోళ్ళు నన్ను గేటు కాడనే ఆపుతరు."

పైకి వచ్చి మొత్తం చెరిపేశాను. రెస్టారెంట్ లెటర్‌హెడ్ మీద, తేదీ వేసి, మామూలు మాటల్లో మళ్ళీ మొదలుపెట్టాను. హాల్లో అందరూ పిలిచే పేరు కాదు, ఆధార్‌లో ఉన్న పూర్తి పేరు రాశాను. చేరిన తేదీ, ఆఖరి పని రోజు, ఏ పనిలో చేరి ఏ హోదాలో వెళ్తున్నాడు అనేవి రాశాను. ఆర్డర్లు తీసుకోవడం, వడ్డన, బిల్లింగ్, కొత్తవాళ్ళకి పని నేర్పడం, ఇలా నిజంగా చేసిన పనులే పెట్టాను. రాజీనామా చేశారు, నోటీసు పూర్తిచేశారు, విధుల నుంచి విడుదల చేశాం అన్నాను. పనిచేసిన కాలంలో ప్రవర్తన బాగుంది అన్నాను. జీతం రాయలేదు. ఎందుకు మానేశాడో రాయలేదు. ఇంటి విషయాలు, ఆరోగ్యం, ఏవీ రాయలేదు. చివర సంతకానికి, స్టాంపుకి చోటు, మా ఆఫీసు ఫోన్ నంబరు. సగం పేజీ అయింది. నా డైరీలో ఏ పేజీ అంత సూటిగా లేదు.

మా సార్ది కాకినాడ వైపు. మనిషి చెడ్డవారు కాదు, కానీ స్నేహితుల ముందు తల వంగితే తట్టుకోలేరు. కాగితం చూసి కళ్ళజోడు తీశారు.

"ఏంటమ్మా ఇది? ప్రవర్తన బాగుందా? నా మనిషి ముందు నా పరువు తీసి వెళ్ళినోడికా? కస్టమర్‌తో గొడవపడితే ఉద్యోగంలోంచి తీసేశాం అని రాయి."

"అలా రాయకూడదు సార్" అన్నాను. గొంతు బయటికి వచ్చిందో లేదో నాకే తెలియలేదు. అందుకే ఇంకోసారి అన్నాను. "అలా రాయకూడదు సార్."

"నిజమేగా నేను చెప్పేది!"

"ఆయన రాజీనామా చేశారు సార్. ఆ లెటర్ మీద ఆమోదించాం అని మీరే సంతకం పెట్టారు. ఇప్పుడు తీసేశామంటే అది అబద్ధం అవుతుంది. గొడవంటారా, ఆ కస్టమర్ రాసిచ్చిన ఫిర్యాదు మన దగ్గర లేదు. అన్నకి మెమో ఇవ్వలేదు, ఆయన వైపు మాట అడగలేదు. రేపు ఎవరైనా నిలదీస్తే ఏం చూపిస్తాం?"

"ఎవడు నిలదీస్తాడమ్మా, వెయిటర్ కాగితానికి?"

"నేనైతే టైపు చెయ్యను సార్. మీరు చేత్తో రాసి సంతకం పెట్టుకోండి."

ఆ మాట నేనే అన్నాను.  వెనక్కి తీసుకోలేదు. సార్ నావైపు, ఫ్యాన్ వైపు, మళ్ళీ నావైపు చూశారు. నేనిన్ని మాటలు మాట్లాడగలనని ఆయనకి ఆ రోజే తెలిసినట్టుంది.

"సరే. మంచీ వద్దు, చెడూ వద్దు. ఆ ప్రవర్తన లైను తీసేయ్. సంతకం పెడతా."

నేను గెలిచాననుకున్నాను. చెడ్డమాట లేదు కదా, చాలనుకున్నాను. ఆ లైను తీసి, సంతకం చేయించి, స్టాంపు కొట్టించి అన్నకిచ్చాను. ఆయన రెండుసార్లు చూసి, మడత పెట్టకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టుకున్నాడు.

"వేరేటోళ్ళ దాంట్ల ఇంకో లైనుంటది గదా చెల్లె, కింద" అని మాత్రం అన్నాడు. 

కొత్త హోటల్ వాళ్ళ నుంచి ఫోన్ వచ్చినప్పుడు సార్ నా గదిలోనే కూరగాయల బిల్లులు చూస్తున్నారు. రింగవుతూనే ఉంది. సార్ తలెత్తలేదు, నేనే ఎత్తాను. అవతల ఒకావిడ. పేరు, తేదీలు, హోదా ఒక్కొక్కటే అడిగి, కాగితంతో సరిచూసుకుంది. అంతా సరిపోయింది.

"ప్రవర్తన గురించి ఏమీ రాయలేదండీ. మర్చిపోయారా, కావాలనే వదిలేశారా?"

సార్ వైపు చూశాను. ఎవరో, ఏం అడుగుతున్నారో ఆయనకి అర్థమైంది. తెలీదని చెప్పు అన్నట్టు చెయ్యి ఊపారు. తెలీదని చెప్పడం నాకు చాలా తేలిక. బడిలోనూ కాలేజీలోనూ అన్నీ తెలిసి కూడా తెలీదనే చెప్పి కూచున్నదాన్ని.

"మర్చిపోలేదండీ" అన్నాను. "సంతకం పెట్టిన మా సార్ ఇక్కడే ఉన్నారు. ఆయన్నే అడగండి."

ఫోన్ ఆయన చేతిలో పెట్టాను. ఆయన కళ్ళతోనే నన్ను కాల్చేసి, గొంతు మాత్రం తేనెలా చేసుకున్నారు.

"ఆఁ, నమస్తే అండీ... లేదండీ, కంప్లయింట్లు ఏం లేవు... ఏంటండీ? దొంగతనమా?" కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "అయ్యయ్యో, ఎవరు చెప్పారండీ మీకు? నా గల్లాపెట్టె తాళాలు ఆయన దగ్గరుండేవి! తాగుడా? చుక్క ముట్టడండీ... లేదు లేదు, మీరలా అనుకుంటారని నేను... సరేనండీ. సరే. ఆ లైను పెట్టి పంపిస్తాం."

ఫోన్ పెట్టేసి కుర్చీలో కూలబడ్డారు. తెలిసి వదిలేసిన లైనులో చదివేవాళ్ళు ఏం రాసుకుంటారో ఆయనకి అప్పుడర్థమైంది. నాకూ అప్పుడే అర్థమైంది. సెల్ఫీ గొడవ ఎవరి ఊహలోకీ రాదు. ఖాళీ చూస్తే దొంగతనమే గుర్తొస్తుంది.

"నన్నిరికించావు కదమ్మా" అన్నారు.

"ఆవిడ అడిగింది మిమ్మల్నే సార్."

"టైపు చెయ్యి. సంతృప్తికరం అని పెట్టు, చాలు."

"అంటే ఏదో సరిపెట్టుకున్నాం అన్నట్టు చదువుతారు సార్. ఇప్పుడే మీరు ఫోన్లో గల్లాపెట్టె తాళాలు ఇచ్చామన్నారు. బాగుంది అని పెడుతున్నాను."

 ఆయన సరేననే దాకా ఆగలేదు. టైపు చేసి, ప్రింటు తీసి, పెన్ను మూత తీసి మరీ ముందు పెట్టాను. ఆయన చదివారు. పెన్ను పట్టుకుని ఆగారు.

"రేపు నువ్వు మానేసినప్పుడు ఇదే చేత్తో నీక్కూడా రాయాలి నేను. గుర్తుంచుకో."

ఒకప్పుడైతే ఈ మాటకి వారం రోజులు నిద్ర పట్టేది కాదు.

"తేదీలు సరిగ్గా వెయ్యండి సార్. చేసిన పనులు రాయండి. అంతకంటే నాకేమీ వద్దు."

ఆయన సంతకం గీకేసి, కోపంగా స్టాంపు గుద్దారు. అది జారి సరిగ్గా ప్రవర్తన వాక్యం మీద పడింది. అందులో ఒక్క అక్షరం కూడా కనపడలేదు.

నేను ఇంకో కాపీ ప్రింటు తీసి మళ్ళీ ఆయన ముందు పెట్టాను.