నీలం తెర వెనక పదిహేడు మంది

ఎవరైనా ‘మేడమ్, రేపు ఆన్‌లైన్ మీటింగంట’ అంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. పరాయి వాళ్ళ మీద ఎంత మంటో నా మీద నాకు అంతే మంట.

అప్పుడు నేను జమ్మలమడుగు దాటాక ఒక గొర్లకాపరుల పల్లెలో ప్రాథమిక పాఠశాల హెడ్మిస్ట్రెస్‌ని. ప్రొద్దుటూరులో బస్సెక్కి, జమ్మలమడుగులో దిగి, ఆటో పట్టుకుని పోయేదాన్ని. ఆ ఊళ్ళో శనగ కోతలయ్యాక మందలు రాజుపాలెం వైపు నల్లరేగడి చేలకు కదులుతాయి. రాత్రిపూట చేలో మంద కడితే భూమికి ఎరువు, కాపరికి రైతిచ్చే గింజలు. మందతో తల్లిదండ్రులు పోతారు, వాళ్ళ వెంట పిల్లలు పోతారు. నెల, నెలన్నర తర్వాత అందరూ తిరిగొస్తారు. ప్రతి ఏడూ ఇంతే. ఇది తెలియనివాళ్ళు ఆ మండలంలో లేరు. పైఆఫీసు వాళ్ళు మాత్రం సరిగ్గా ఆ నెలలోనే వచ్చి తలలు లెక్కపెట్టారు. మూడు, నాలుగు, ఐదు తరగతులకు కలిపి నలుగురు కనబడ్డారు. నలుగురే అని రాసుకుని పోయారు.

ఆ మూడు తరగతులనూ మూడు కిలోమీటర్ల అవతలి బడిలో కలిపేస్తామన్నారు. మధ్యలో లారీలు పోయే రోడ్డుంది. అభ్యంతరాలుంటే ఏప్రిల్‌లో వీడియో మీటింగులో చెప్పుకోవచ్చని, ఒక్కో బడికి ఐదు నిమిషాలని కబురొచ్చింది.

ప్రొద్దుటూరులో బంగారు కొట్లో లెక్కలు రాసే మా తమ్ముడి దగ్గర లాప్‌టాప్ తెచ్చుకున్నాను. ముందురోజు ఇద్దరం కూర్చుని నాలుగు స్లైడ్లు చేశాం. నెలనెలా హాజరుపట్టీ ఫోటోలు: ఎప్పుడు తగ్గారు, ఎప్పుడు తిరిగొచ్చారు, ఎంత మంది వచ్చారు.

“అక్కా, నీ వంతు వచ్చేదాకా మైకు మూసిపెట్టు. నువ్వు ఇంట్లో అరిస్తే మా కొట్లోకి ఇనపడ్తాది” అన్నాడు వాడు.

“నీ మొగం. ముందు స్లైడ్లు ఎట్ల చూపించాల్నో చెప్పు” అన్నాను.

చెప్పాడు. ‘షేర్ స్క్రీన్’ నొక్కు, వచ్చిన బొమ్మల్లో స్లైడ్లున్న కిటికీ ఎంచుకో, మళ్ళీ ‘షేర్’ నొక్కు. పదిసార్లు చేయించాడు. మీటింగుకు వాళ్ళు పంపిన సూచనల కాగితం కూడా చదివాడు. పది నిమిషాలు ముందే చేరాలి. పేరు చోట బడి పేరు పెట్టాలి. అందరూ తాము పంపిన నీలం రంగు చిత్రాన్నే బ్యాక్‌గ్రౌండుగా పెట్టుకోవాలి. మంచిపిల్లలా అన్నీ పాటించాను. నా పాపం అక్కడే మొదలైంది.

ఆరోజు తరగతి గదిలోంచే మీటింగులో చేరాను. నెట్టు నా ఫోన్ నుంచే. మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలు పదిహేడు మందీ నా వెనక చాపల మీద కూర్చున్నారు. మరీమరీ చెప్పాను, ఒక్క శబ్దం రాకూడదని. మీటింగు నడిపే అధికారి పలకరిస్తే లేచి అందరూ ఒక్కసారే ‘నమస్తే సార్’ అనాలని కూడా నేర్పాను. తర్వాత నీలం చిత్రం పెట్టాను. తెరమీద నా తల చుట్టూ నీలం పాకింది. చెవుల దగ్గర జుట్టు కొంచెం మాయమైంది. పిల్లలు పూర్తిగా మాయమయ్యారు.

“మేడమ్, మేము లేము!” అని ఒకడు కిసుక్కుమన్నాడు. అందరూ నవ్వారు. సిగ్గు లేక నేనూ నవ్వాను.

పులివెందుల వైపు నుంచి ఒకాయన ముందు మాట్లాడాడు. బడి పెరట్లో చీనీ మొక్కలు, అదే బత్తాయి, నాటిన ఫోటోలు. అక్షరాలు గిర్రున తిరుగుతూ వచ్చి నిలబడేవి. అధికారికి శానా నచ్చింది. మూడు సార్లు వెనక్కి తిప్పించి చూశాడు. ఆయనకు ఐదు నిమిషాలు కాదు, పన్నెండు నిమిషాలు పట్టింది.

నా వంతు వచ్చింది. మైకు తెరిచాను, స్లైడ్లు షేర్ చేశాను. రెండో స్లైడుకు వచ్చేసరికే అధికారి అడ్డం వచ్చాడు.

“మేడమ్, మీ బడిలో అసలు పిల్లలే లేరు కదా. నలుగురి కోసం మూడు తరగతులు నడపమంటారా?”

“అది మందలు పోయిన నెల సార్. అందుకే ఈ ఫోటోలు...”

“ఫోటోలు ఎవరైనా పెడతారు. లేని పిల్లలను చూపించకండి.”

నా నోరు నా వశం తప్పింది. చదువుకున్న తెలుగంతా ఎగిరిపోయింది.

“శానా తప్పు మాట్లాడ్తాండారు సార్! ఈడనే ఉండారు! పదిహేడు మంది నా ఎనకాల కూచోనుండారు!”

“మేడమ్‌ని మ్యూట్ చేయండి” అన్నాడు ఆయన, పక్కనున్న ఎవరితోనో.

మైకు బొమ్మ మీద ఎర్రగీత పడింది. నొక్కాను. ‘హోస్ట్ అనుమతించలేదు’ అని వచ్చింది. మళ్ళీ నొక్కాను. అదే. స్లైడ్లు షేర్ చేయడం ఆపేసి, ఒక పిల్ల పలక లాక్కుని ‘నా వెనక 17 మంది’ అని రాసి కెమెరాకు ఎత్తిపట్టాను. నీలం రంగు పలకను సగం మింగేసింది. తెరమీద ‘నా వె’ మాత్రమే తేలింది.

అప్పుడు వెలిగింది నాకు. పిల్లలు లేరని ఆయన అంటుంటే, లేకుండా చేసి కూర్చున్నది నేను! వీడియో గుర్తు పక్కన బాణం నొక్కి, బ్యాక్‌గ్రౌండుల్లోకి పోయి, ‘ఏదీ వద్దు’ ఎంచుకున్నాను.

నీలం పోయింది. పెచ్చులూడిన గోడ, నల్లబల్ల, చాపల మీద పదిహేడు మందీ వచ్చారు. తమను తాము తెరమీద చూసుకున్న పిల్లలు, ఇదే సమయమనుకుని దిగ్గున లేచారు. చేతులు జోడించి, గోడలు అదిరేలా “నమస్తే సార్” అన్నారు.

మైకు మూసే ఉంది.

అధికారి తెర వైపు చూశాడు. చూశాడు, నాకు బాగా కనబడింది.

“మేడమ్, మేము పంపిన బ్యాక్‌గ్రౌండ్ పెట్టుకోండి. క్రమశిక్షణ ఉండాలి. నెక్స్ట్” అన్నాడు.

పిల్లలు ఇంకా నిలబడే ఉన్నారు, జవాబు కోసం. కాసేపటికి ఐదో తరగతి పిల్ల అడిగింది.

“సారుకు ఇనపళ్ళేదా మేడమ్? మల్లా చెప్పాల్నా?”

“కూర్చో” అన్నాను, కసిరినట్టే. ఆ పిల్ల మీద కసరడానికి నాకేం హక్కుంది? కోపం చూపించడానికి ఎదురుగా చిన్నవాళ్ళే ఉన్నారు మరి. ఆ సిగ్గు నాకు పోలేదు.

జూన్‌లో మూడు తరగతులూ తరలిపోయాయి. దానికంటే ముందే నాకు మెమో వచ్చింది. సూచించిన బ్యాక్‌గ్రౌండ్ తొలగించి సమావేశ క్రమశిక్షణను ఎందుకు ఉల్లంఘించారో మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలట. పిల్లల సంగతి అందులో ఒక్క ముక్క లేదు. తెల్లకాగితం తీసి, మెమో నంబరు రాసి, కింద పదిహేడు మంది పేర్లూ ఎవరివి వాళ్ళ చేతే రాయించి పంపాను. మూడో తరగతి వాళ్ళవి వంకరటింకరగా లైను దాటిపోయాయి. దిద్దలేదు.

ఆ పేర్లలో పదకొండు ఇప్పుడు లారీల రోడ్డు దాటి బడికి పోతున్నాయి. ఆరు మంద వెనక నడుస్తున్నాయి.