ఆగ్నేయంలో ఏసీ, ఈశాన్యంలో నీళ్లు

ఆదెప్పకు నలభై ఏడేళ్లు. కొత్తచెరువు దగ్గర నాలుగెకరాల మెట్టలో మూడు బోర్లు వేయించి, మూడూ దుమ్ము కక్కాక ధర్మవరం చేరి ఏసీల పని నేర్చుకున్నాడు. ఆయన బిగించిన ఏసీ నుంచి చుక్క కారదని ఊళ్లో పేరు. ఆ పేరు కడుపు నింపదు. ఇల్లు గడిచేది భార్య నాగలక్ష్మమ్మ మగ్గం మీదే. ఆ మగ్గానికి పట్టూ జరీ ఇచ్చి, నేసిన చీర తీసుకునేది శివప్ప. ఊళ్లో పెద్ద చీరల అంగడి ఆయనదే.

ఏప్రిల్‌లో శివప్ప కొత్త హాలు కట్టి, పైకప్పులో పొదిగే కాసెట్ ఏసీ తెప్పించి ఆదెప్పను పిలిచాడు. అది నాలుగు వైపులా గాలి విసురుతుంది, మధ్యలోంచి పీల్చుకుంటుంది. హాలు నడుమ పెడితే నాలుగు మూలలకూ చల్లదనం అందుతుంది. ఆదెప్ప సరిగ్గా నడుమనే సున్నంతో గుర్తు పెట్టాడు. వాస్తు చూసే పెద్దమనిషి వచ్చి ఆ గుర్తు చెరిపేయించాడు. నడుమ బ్రహ్మస్థానమట, అక్కడ బరువు వేలాడకూడదట. కరెంటు వస్తువు ఆగ్నేయం మూలనే ఉండాలట. దాని నీళ్లు మాత్రం ఈశాన్యం నుంచే బయటికి పోవాలట.

ఆగ్నేయం మూల దూలానికి ఆనుకుని ఉంది. అక్కడ పెడితే గాలి దూలానికి కొట్టుకుని ఏసీలోకే తిరిగొస్తుంది. హాలంతా చల్లబడిందని ఏసీ భ్రమపడుతుంది, అవతలి కొసన కూర్చున్నవాళ్లు చెమట తుడుచుకుంటారు. అసలు చిక్కు నీళ్లది. ఏసీలోని చిన్న పంపు ట్రేలోని నీళ్లను మూరెడు పైకి తోస్తుంది, ఆ తర్వాత పైపు వాలుగా దిగుతూ పోవాలి. ఈశాన్యానికి ముప్పై అడుగులు. దారిలో దూలం అడ్డం. దాని మీదుగా పైపు ఎక్కించాలంటే పంపు మోయగలిగినంత ఎత్తు దాదాపు అయిపోతుంది.

"సామీ, ఈ పైపు ఈడనే ఆగ్నేయంలోనే గోడకు బెజ్జం కొట్టి దించితే మంచిది. ఆడికి పంపు తోయలేదు" అన్నాడు ఆదెప్ప.

శివప్ప వాస్తు పెద్దమనిషి మొహం చూశాడు, తర్వాత ఆదెప్ప మొహం చూశాడు. "మీ ఆడమనిషి చీరలు బాగా నేస్తాంది గదప్పా" అన్నాడు.

సంబంధంలేని మాటే. కానీ ఆదెప్పకు సంబంధం అర్థమైంది. చెప్పినచోటే బిగించాడు.

ఎండాకాలమంతా చిక్కు బయటపడలేదు. మన గాలిలో తడి ఉంటే కదా నీళ్లు కారడానికి. ఆ కాసిన్ని చుక్కలను పంపు ఎలాగో ఈడ్చుకెళ్లింది. శివప్ప నలుగురిలో ఆదెప్పను మెచ్చుకున్నాడు. ఆ మెప్పు వింటూ ఆదెప్ప ఏసీ వైపే చూసేవాడు.

శ్రావణం వచ్చింది. తుంపర్లు, తడి గాలి, పెళ్లి బట్టలకొచ్చిన జనం. అవతలి కొసన చల్లగా లేదని శివప్ప పద్దెనిమిది డిగ్రీలకు తిప్పి వదిలేశాడు. నీళ్లు కుండపోతగా ఊరాయి, పంపుకు చేతకాలేదు. ట్రే నిండినప్పుడల్లా లోపలి తేలుడు బిళ్ల పైకి లేచి ఏసీని ఆపేస్తోంది. ఆపడం దాని ధర్మం. రోజుకు ఆరుసార్లు ఆగింది. శివప్ప ఫోన్ చేసి, ఈ శ్రావణ పండగ నాలుగు రోజులూ ఆగకుండా ఏదో ఒకటి చేయమన్నాడు.

ఆదెప్ప నిచ్చెనెక్కి, ట్రే ఖాళీ చేసి, మళ్లీ నిండినా ఏసీ ఆగకుండా ఆ బిళ్ల తీగలు రెండూ కలిపేశాడు. ఆ పని చేయకూడదని పదిమందికి చెప్పినవాడే చేశాడు. నాలుగు రోజులే కదా అని తనకు తానే సర్దిచెప్పుకుని దిగాడు.

రెండో రోజు మధ్యాహ్నం ట్రే పొర్లింది. ఏసీ కింద అద్దాల బల్ల మీద పరిచి ఉంది ఒక చీర. మీగడ రంగు ఒళ్లు, కుంకుమ అంచు, నెమళ్ల కొంగు. ఇరవై రెండు రోజుల నేత. దాన్ని నేసింది నాగలక్ష్మమ్మే. అందరికీ కనబడాలని శివప్పే అక్కడ పరిచి పెట్టించాడు. ఎవరూ చూసుకునేలోగా అంచు ఎరుపు ఒంటి మీదికి పాకింది.

శివప్ప అరవలేదు. మర్నాడు ఆయన మనిషి వచ్చి, మగ్గం మీది పడుగు కోసి చుట్టుకుని పోయాడు. నీళ్లు కార్చింది ఆదెప్పేనని, ఆ ఇంటికి ఇక పట్టు ఇచ్చేది లేదని శివప్ప ఊరంతా చెప్పాడు. బజారులో ఇంకే అంగడీ పట్టు ఇవ్వలేదు.

సాయంత్రం నాగలక్ష్మమ్మ మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని ఊరికే కూర్చుంది. ముందు తెగిన పోగులు తప్ప ఏమీ లేవు.

"నీకు ముందే తెల్సునా?" అంది.

"తెల్సు."

"చెప్పినావా?"

"ఒగసారి చెప్పినా. మల్లా చెప్తే నీకు పట్టు ఇయ్యడేమోనని భయపడినా."

ఆమె తెగిన పోగొకటి వేలికి చుట్టుకుంది.

"ఇప్పుడు ఇస్తాన్నాడా?" అంది.

ఆమె గుంతలోంచి కాళ్లు తీసి లేచింది, దాని మీద చెక్క మూసింది.