డెబ్బైకి ముప్పై కలిపితే

తాడేపల్లిగూడెంలో నేను కెమిస్ట్రీ చెప్పే కాలేజీలో కొల్లేటి చేపల రకాలన్నీ ఒక గదిలో గాజు సీసాల్లో ఉంటాయి. అవి పాడవకుండా ఏటా ఆల్కహాలు మార్చాలి. ఏడు లీటర్ల ఆల్కహాలుకు మూడు లీటర్ల నీళ్లు కలిపి, పెద్ద డబ్బాలో జువాలజీ వాళ్లకు అప్పగించడం మా ల్యాబ్ అటెండరు పని.

అతనిది కొల్లేటి అంచున ఒక ఊరు. ఒకప్పుడు బాగా తాగేవాడు. అందుకని వాళ్ల చర్చి పెద్దలు అతన్ని ప్రభువు బల్లకు రానివ్వలేదు. నెల మొదటి ఆదివారం అందరూ రొట్టె, ద్రాక్షరసం తీసుకుంటుంటే అతను వెనక బెంచీలో కూర్చునేవాడు. తాగుడు పూర్తిగా మానాక పెద్దలు మళ్లీ పిలిచారు. ఆ మర్నాడు బీకర్లు కడుగుతూ నాతో చెప్పాడు.

"మా ఆవిడ పక్కనే నిలబడ్డానండి. ఆవిడ ఏడ్చిందండి. నాకేమో నవ్వొచ్చింది."

ఆ ఏడు స్టాకు చూడడానికి ముగ్గురం కూర్చున్నాం: ప్రిన్సిపాల్, జువాలజీ ఆయన, నేను. జువాలజీ ఆయన డబ్బాలోది కొలజాడీతో కొలిచారు. పది లీటర్లు ఉండవలసింది. మూడు వందల మిల్లీలీటర్లు తక్కువ వచ్చింది.

"క్వార్టరున్నర పైనే," అన్నారాయన. "పోన్లెండి, చేపలకి కాస్త తగ్గినా అవేం అడగవు."

"నేను ముట్టుకోలేదండి," అన్నాడు అటెండరు. "కొలిచినవి కొలిచినట్టే పోశానండి. మాస్టారు చెప్తారు, అడగండి."

ప్రిన్సిపాల్ నా వైపు తిరిగారు. "ఏవండీ, మీరేమంటారు?"

ఆల్కహాలు, నీళ్లు కలిపితే మొత్తం తగ్గుతుందని ఏళ్ల తరబడి పాఠం చెబుతున్నవాణ్ణి నేను. అది ఆ క్షణంలో గుర్తుకు రాలేదని చెప్పుకోవాలని చాలాసార్లు ప్రయత్నించాను. వచ్చింది. కానీ అది బోర్డు మీది సంగతి, ఇంత తేడా ఉండదులే అనుకున్నాను. లెక్క వేసి చూడడానికి పది నిమిషాలు పట్టేది. ఏలూరు వెళ్లే ప్యాసింజరు వేళవుతోంది. పైగా, ఒకప్పుడు అతని నోట వాసన భరించినవాణ్ణి కాబట్టి, అతను తాగి ఉంటాడని నమ్మడమే నాకు తేలికైంది.

"అలవాటున్న మనిషే కదండీ," అన్నాను.

అతను నా మొహంలోకి చూశాడు. కాంట్రాక్టు ఉద్యోగం, తీసెయ్యడానికి పెద్ద తతంగం అక్కర్లేకపోయింది. కబురు అతనికంటే ముందే ఊరు చేరింది. చర్చి పెద్దలు మళ్లీ బల్ల ఆపేశారు.

రైలు ఏలూరు చేరేలోగా చిత్తుకాగితం మీద లెక్క వేయగలిగేవాణ్ణి. వేయలేదు.

తర్వాతి నెలలో అదే ప్రయోగం మా విద్యార్థుల వంతుకు వచ్చింది. రకరకాల పాళ్లలో ఆల్కహాలు, నీళ్లు కలిపి, సాంద్రత సీసాలో నింపి తూచారు. ఒక్కో మిశ్రమంలో ఒక మోల్, అంటే ఒక నిర్ణీత సంఖ్య అణువులు, ఎంత చోటు తీసుకుంటుందో లెక్కగట్టి, ఆల్కహాలు పాలు పెరుగుతున్నకొద్దీ అది ఎలా మారుతుందో గ్రాఫు గీశారు. రెండింటి చోటూ ఊరికే కూడితే చాలన్నది నిజమైతే అది తిన్నని గీత కావాలి. కాదు. కిందికి కాస్త వంగి ఉంటుంది.

"ఏదైనా ఒక పాలు చెప్పండి, అక్కడ స్పర్శరేఖ గీద్దాం," అన్నాను.

"డెబ్బైకి ముప్పై సార్, చేపల గదిలోది," అంది ఒకమ్మాయి.

గీశాను. ఆ రేఖ ఎడమ అంచును తాకిన చోట ఆ మిశ్రమంలో నీటి మోల్ తీసుకునే చోటు, కుడి అంచును తాకిన చోట ఆల్కహాలు మోల్ తీసుకునే చోటు తెలుస్తాయి. ఒంటరిగా ఉన్నప్పుడు పద్దెనిమిది మిల్లీలీటర్లు తీసుకునే నీరు ఇక్కడ పదిహేడుకు కొంచెం పైన ఆగింది. యాభై ఎనిమిదిన్నర దాటే ఆల్కహాలు యాభై ఏడు దగ్గరికి దిగింది. నీటి అణువులు ఒకదాన్నొకటి పట్టుకుని మధ్య మధ్య ఖాళీలు వదిలి నిలబడతాయనీ, ఆల్కహాలు చేరితే ఆ అమరిక మారి రెండూ దగ్గరగా సర్దుకుంటాయనీ చెప్పాను. ఏ పదార్థానికైనా దాని చోటు దాని ఒక్కదానిదే కాదు, పక్కన ఎవరున్నారన్న దాన్ని బట్టి ఉంటుందని కూడా చెప్పాను. ఏటా చెప్పే మాటే.

మోల్‌ల సంఖ్యతో హెచ్చించి కూడితే పది లీటర్లకు తొమ్మిది లీటర్ల ఏడు వందల మిల్లీలీటర్లు వచ్చింది.

"మరి ఆ మూడు వందలూ ఎక్కడికి పోయాయి సార్?"

"ఎక్కడికీ పోలేదమ్మా. తూకం వేస్తే గ్రాము కూడా తగ్గదు," అన్నాను. ఆ మాట నా నోట వచ్చాక క్లాసు కొనసాగించలేకపోయాను. ఆ రోజు ఆ డబ్బాను తూచి ఉంటే సరిపోయేది.

ప్రిన్సిపాల్ అంతా విన్నారు. అతని స్థానంలో వేరే మనిషి వచ్చేశాడని, ఇక చేసేదేమీ లేదని అన్నారు. ఉద్యోగం ఇప్పించలేకపోయినా బల్లైనా ఇప్పించగలననుకున్నాను. ఆయన అనుమతితో కొంచెం ఆల్కహాలు, కొలజాడీలు సంచిలో పెట్టుకుని, మొదటి ఆదివారం వాళ్ల ఊరి చర్చికి వెళ్లాను.

ఆరాధన అయ్యాక పెద్దలు నా కొలజాడీల కోసం వరండాలో ఒక చెక్కబల్ల వేశారు. డెబ్బై మిల్లీలీటర్ల ఆల్కహాలు, ముప్పై మిల్లీలీటర్ల నీళ్లు కలిపాను. కాస్త వెచ్చబడింది. చల్లారేదాకా బిరడా పెట్టి ఉంచాను. తొంభై ఏడు.

"గాల్లో కలిసిపోయుంటుందండి," అన్నాడు పెద్దల్లో ఒకాయన. ఆయనకు చేపల చెరువులున్నాయి. దేన్నైనా స్వయంగా కొలుచుకుంటే తప్ప నమ్మని మనిషి.

"మీరే పొయ్యండి," అన్నాను.

ఆయన నీళ్లలో నీళ్లు కలిపాడు: వంద. ఆల్కహాలులో ఆల్కహాలు: వంద. మళ్లీ రెండూ కలిపి, బిరడా గట్టిగా నొక్కి, చల్లారాక కళ్లద్దాలు పెట్టుకుని చూశాడు. తొంభై ఏడు.

"నిజమేనండీ," అన్నాడు. "ఇది మీకు ఆ రోజే తెలుసా మాస్టారూ?" అని అడిగాడు.

"తెలుసండి."

స్త్రీల వైపునుంచి అటెండరు భార్య కొంగు సర్దుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది.

"అప్పుడు తాగలేదని ఒప్పుకుంటామండి," అన్నాడు పెద్దాయన నెమ్మదిగా. "ఇప్పుడు తాగుతున్నాడు కదండీ. బల్ల ఎలా ఇవ్వమంటారు?"

అటెండరు ఇప్పుడు ఒక చేపల చెరువు కాపలా పనిలో ఉన్నాడు. గట్టు మీద మేత బస్తాల పక్కన కూర్చుని కనిపించాడు. ఎండ నెత్తిన ఉంది. దగ్గరికి వెళ్లేసరికే వాసన తెలిసింది. జరిగింది చెప్పాను. క్షమించమని అడిగాను.

"మీరు రావడమే గొప్పండి," అన్నాడు. "ఎలాగూ అనిపించుకున్నాను కదా అని మొదలెట్టానండి. అంతే. మీ తప్పు కాదులెండి."

మర్యాదకన్నాడు. నాకు అది తెలుసు, అతనికీ తెలుసు.

అతని చూపు నా సంచి మీద నిలిచింది.

"ఆ కలిపింది అందులోనే ఉందాండి?"

చర్చిలో కలిపింది పోసి తెచ్చిన సీసా తీసి గట్టు మీద ఒంపేశాను. అతను అడ్డు చెప్పలేదు. తడిసిన మట్టి ఆరేదాకా దాన్నే చూస్తూ కూర్చున్నాడు.