ఐస్ ఎక్కువ పెట్టమన్నది నేనే

నేను రాసిన ఉత్తరాలు నాలుగు. షాపులకు మందులు సరఫరా చేసే స్టాకిస్టుకు రెండు, మందు తయారుచేసే కంపెనీకి ఒకటి, జిల్లా ఔషధ నియంత్రణ కార్యాలయానికి ఒకటి. కార్యాలయం నుంచి ముద్ర వేసిన రసీదు వచ్చింది. మిగతా చోట్ల నుంచి అది కూడా రాలేదు. గోదావరిఖనిలో నేను మందుల షాపు పెట్టి పంతొమ్మిదేళ్లు. ఈ పంతొమ్మిదేళ్లలో నా మాట ఎవరెవరు ఎప్పుడెప్పుడు పక్కన పెట్టారో నాకు గుర్తుంది. అన్నీ ఇక్కడ రాయను. ఇన్సులిన్ సంగతి మాత్రం రాస్తాను, అది నా ఒక్కడి బాధ కాదు కాబట్టి.

ఇన్సులిన్ రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉండాలి. ఫ్యాక్టరీలో ఉంటుంది. అక్కడి నుంచి హైదరాబాద్ డిపోకు చల్లబండిలో వస్తుంది, బండిలో ఉష్ణోగ్రత రాసుకునే పరికరం కూడా ఉంటుంది. డిపో నుంచి కరీంనగర్ స్టాకిస్టు దగ్గరికి అలాగే వస్తుంది. స్టాకిస్టుకు ఒక గదంత ఫ్రిజ్ ఉంది, దాని తలుపు మీద అంకెలు వెలుగుతుంటాయి. నా షాపులోనూ ఫ్రిజ్ ఉంది, ఇన్వర్టర్ ఉంది, లోపల థర్మామీటర్ ఉంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూసి నోటుబుక్కులో రాస్తాను. మా ఆవిడ ఆ బుక్కును చూసి, "నాకు జరమొస్తె గిన్ని సార్లు చూసినవా?" అంటుంది. లేదని ఒప్పుకుంటాను.

కరీంనగర్ నుంచి ఖని దాకా ఉన్న ఆఖరి అరవై కిలోమీటర్లకు మాత్రం లెక్కాపత్రం లేదు. అక్కడ మందు ఒక థర్మాకోల్ డబ్బాలో, మామూలు వ్యానులో, దగ్గు సిరప్పుల అట్టపెట్టెల మధ్య కూర్చుని వస్తుంది.

మొన్నటిది కాదు, అంతకు ముందు ఎండాకాలం. వ్యాను డ్రైవరు డబ్బా తెచ్చి కౌంటరు మీద పెట్టాడు. మూత తీస్తే లోపల ఐస్ మొత్తం నీళ్లయి, ఆ నీళ్లు కూడా గోరువెచ్చగా ఉన్నాయి. తీసుకోనన్నాను.

"ఏంది సార్, దవాయే గదా, ఇడ్లీ పిండా పులవనీకి?" అన్నాడు డ్రైవరు.

"పులిస్తె నీకు తెలుస్తదిరా, వాసనొస్తది. ఇది చెడిపోతె ఎవరికీ తెల్వది. వాపస్ తీస్కపో."

"మీ ఒక్క షాపుల్నే ఇట్ల. థర్మామీటర్ సారని పేరు పెట్టిన్రు మీకు ఆడ."

ఆ పేరు ఎవరు పెట్టారని అడిగాను. డబ్బా ఎత్తుకుని వ్యాను ఎక్కాడు. తర్వాత తెలుసుకున్నాను, స్టాకిస్టే పెట్టాడు. ఆయనకు ఫోన్ చేస్తే, "మీ ఒక్కరికే ఎండ కొడుతుందా?" అని పెట్టేశాడు. ఆ రాత్రే మొదటి ఉత్తరం రాశాను. అందులో ఒక వాక్యం ఇది: 'ఇకపై నా షాపుకు పంపే డబ్బాలో ఐస్ ఎక్కువ పెట్టాలి.' కింద గీత కూడా గీశాను.

జవాబు రాలేదు కానీ డబ్బాలు చల్లగా రావడం మొదలైంది. మూత మీద చెయ్యి పెడితే వేళ్లు జిల్లుమనేవి. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. డబ్బాను చేత్తో తాకి, పెట్టెలు తీసి ఫ్రిజ్‌లో సర్దేవాణ్ని. పెట్టెల అట్టలు కొంచెం తడిగా ఉండేవి. తుడిచేవాణ్ని. రెండు నెలలు ఇలా గడిచాయి.

అప్పుడు అవ్వ వచ్చింది. బొగ్గుబాయి పనిలో రిటైరైన ఒక కాక భార్య ఆమె, మా షాపుకు పాత గిరాకీ. పాలలా తెల్లగా ఉండే రకం ఇన్సులిన్ రోజుకు రెండు పూటలా తీసుకుంటుంది. ఎప్పుడూ నిలబడి మాట్లాడే మనిషి, ఆ రోజు స్టూలు అడిగింది. కాలి బొటనవేలికి కట్టు ఉంది.

"చెప్పు గీసుకున్నది బిడ్డా. మూడు వారాలాయె, మానుత లేదు. షుగరు దిగుత లేదట. డాక్టరు రెండు మాట్ల డోసు పెంచిండు. వచ్చే సోమవారం దాకా చూస్తడట, కాకపోతె వేలు తీసెయ్యాలె అన్నడు."

వెనక నిలబడ్డ కాక అందుకున్నాడు. "దొంగతనంగ బెల్లం తింటది. నేను డ్యూటీ దిగినప్పటి సంది చూస్తున్న, వంటింట్ల బెల్లం డబ్బా తేలికైతంది."

"నీ చాయలకే పోతంది బెల్లం! రోజుకు ఆరు చాయలు తాగుతవ్, పేరు నాది పెడ్తవ్. డాక్టరు గట్లనే అన్నడు, కోడలు గట్లనే అన్నది. తినలేదంటె ఒక్కరు నమ్ముత లేరు బిడ్డా. దేవుని మీద ఒట్టు."

నేను నమ్మాను. నిజం చెబుతుంటే ఎవరూ వినకపోతే మనిషి గొంతు ఎలా మారుతుందో నాకు తెలుసు. ఇంట్లో వాడుతున్న సీసా తెమ్మన్నాను. కాక గొణుక్కుంటూ ఆటో ఎక్కి వెళ్లి, స్టీలు గిన్నెలో తడిగుడ్డ చుట్టి తెచ్చాడు. వాళ్లింట్లో ఫ్రిజ్ ఉంది, మందు తలుపు అరలో పెడతారు, ఐస్ గడ్డల దగ్గర పెట్టరు. అదంతా అడిగి తెలుసుకున్నాను.

ఈ మందు కదలకుండా ఉంచితే తెల్లటి పొడి అడుగున దిగుతుంది. రెండు అరచేతుల మధ్య మెల్లగా దొర్లిస్తే మళ్లీ అంతా ఒకటై పాలలా అవ్వాలి. దొర్లించాను. కాలేదు. రవ్వలాంటి పలుకులు తేలుతూనే ఉన్నాయి, గాజు లోపలి గోడకు తెల్లటి పొర అంటుకుంది. మళ్లీ దొర్లించాను. అంతే.

నా ఫ్రిజ్‌లోంచి అదే బ్యాచ్ నంబరు సీసా కొత్తది తీసి దొర్లించాను. దానిలోనూ పలుకులే. వేడికి చెడితే సాధారణంగా ఇలా ఉండదు. ఇది గడ్డకట్టి కరిగిన మందు. నోటుబుక్కు తిరగేశాను, నా ఫ్రిజ్ ఒక్కరోజు కూడా మూడు డిగ్రీల కిందికి దిగలేదు. పెద్దపల్లిలో నాకు తెలిసిన షాపతనికి ఫోన్ చేశాను. అతను వేరే స్టాకిస్టు దగ్గర కొంటాడు, అదే బ్యాచ్ అతని దగ్గరా ఉంది. దొర్లించి చూసి, "పాల లెక్కనే ఉన్నది అన్నా" అన్నాడు. అంటే ఫ్యాక్టరీలో చెడలేదు, హైదరాబాద్‌లో చెడలేదు, నా దగ్గర చెడలేదు.

మరునాడు వ్యాను వచ్చింది. ఈసారి చెయ్యి పెట్టి ఊరుకోలేదు. డ్రైవరు ముందే మూత తీసి, పెట్టెల మధ్య థర్మామీటర్ దూర్చాను. సున్నాకు రెండు తక్కువ. ఫ్రీజర్‌లోంచి తీసిన ఐస్ ప్యాకులు, మంచుపొడి కూడా రాలకుండా, నేరుగా మందు పెట్టెలకు ఆనించి ఉన్నాయి. ఒక పెట్టె విప్పితే సీసాలో సగం రాయిలా ఉంది.

"ఇదేందిరా?"

"మీరే గదా సార్ ఐస్ ఎక్కువ పెట్టుమన్నరు! మీ కాయితం గోడకు అతికిచ్చిండు మా సేటు. ఖని డబ్బాకు డబల్ ఐస్. వేరే షాపులోళ్లకు లేదు గీ మర్యాద."

ఆ సీసాను కౌంటరు మీద పెట్టి, నా ఉత్తరం గుర్తుచేసుకున్నాను. చల్లదనం తక్కువైతే చెడుతుందని రాశాను. ఎక్కువైతే కూడా చెడుతుందని రాయలేదు. అది స్టాకిస్టుకు తెలియాలి, నిజమే. కానీ రెండు నెలలు ఆ తడి అట్టలను తుడిచి సర్దింది నేను. ఈ ముక్క ఎవరో అనకముందే నేనే రాస్తున్నాను.

అవ్వ డాక్టరుకు మాత్రం సీసా చూసిన రోజే ఫోన్ చేశాను. పాడైన మందు మీద డోసు రెండుసార్లు పెంచారు. ఇప్పుడు అదే డోసులో మంచి మందు పడితే షుగరు ఒక్కసారిగా పడిపోయి అవ్వ కళ్లు తిరిగి పడుతుంది. ఆయన మొత్తం విన్నాడు. పాత డోసుకు తగ్గించి, రోజుకు నాలుగుసార్లు షుగరు చూడమన్నాడు. "బెల్లం అనుకున్నానండీ" అన్నాడు చివర్లో. ఆ రోజే పెద్దపల్లి నుంచి నేనే రెండు సీసాలు తెచ్చాను, ఐస్ ప్యాకుకూ సీసాలకూ మధ్య మందపాటి అట్ట పెట్టి. తర్వాత బిల్లుబుక్కు పట్టుకుని, ఆ రెండు నెలల్లో నా దగ్గర ఇన్సులిన్ కొన్న ప్రతి ఇంటికీ ఫోన్ చేశాను. మిగిలిన సీసాలు వెనక్కి తెప్పించాను. కొత్త సీసా మొదలుపెట్టే ముందు డోసు ఎంతో డాక్టరును అడగమని అందరికీ చెప్పాను.

ఆ తర్వాత బస్సెక్కి కరీంనగర్ పోయాను. స్టాకిస్టు కుర్చీలోంచి లేవలేదు, కూర్చోమనలేదు, నా ఎదుటే చాయ్ తాగాడు. నేను ప్యాకింగు బల్ల దగ్గరికి వెళ్లాను. అక్కడ ఒక అక్క డబ్బాలు కడుతోంది. నా ఉత్తరం నిజంగానే గోడ మీద ఉంది. కింద గీతతో సహా.

సీసా చూపించి చెప్పాను. ఆమె వెలుతురుకు పట్టుకుని చూసింది.

"పెరుగు ఫ్రీజర్ల పెడితె ఇరిగినట్టు అయింది గదా సార్."

"గంతే అక్కా."

"మరి నాకెవలు చెప్పిన్రు? డబల్ పెట్టుమన్నరు, పెట్టిన."

ఐస్ ప్యాకును తీసిన వెంటనే పెట్టకుండా, పైన చెమట పట్టి, ఊపితే లోపల నీళ్ల చప్పుడు వచ్చేదాకా బయట ఉంచాలని, మందుకూ దానికీ మధ్య అట్ట పెట్టాలని చూపించాను. ఆమె ఒక్కసారికే పట్టేసింది. అంతేకాదు, నా ఉత్తరం మీద పెన్నుతో 'ఊపి సూడాలె' అని రాసింది. ఆ రోజు నుంచి నా డబ్బా నాలుగు, అయిదు డిగ్రీలలో వస్తోంది. ప్రతిసారీ థర్మామీటర్ పెట్టే చూస్తాను. డ్రైవరు ఇప్పుడు నేను అడగకముందే మూత తీసి, "పెట్టున్రి సార్, జరం సూడున్రి" అంటాడు. నవ్వు వస్తుంది.

సోమవారం డాక్టరు కట్టు విప్పి, ఇంకో వారం చూద్దామన్నాడు. ఆ వారం తర్వాత కొత్త చర్మం కనిపించింది. వేలు దక్కింది. అవ్వ షాపుకు నడిచి వచ్చి, స్టూలు అక్కర్లేదని, కౌంటరుకు ఆనుకుని నిలబడింది. కాకను ముందుకు నెట్టి, "చెప్పు, అందరి ముంగట చెప్పు" అంది. కాక చుట్టూ చూసి, "బెల్లం నేనే తిన్న" అన్నాడు. షాపులో ఉన్న నలుగురూ నవ్వారు. నాకు ఈ వృత్తిలో అంత హాయిగా ఉన్న రోజులు తక్కువ.

అయినా రాయాల్సింది మిగిలే ఉంది. వెనక్కి తెప్పించిన పదకొండు సీసాలు 'అమ్మరాదు' అని రాసిన డబ్బాలో వేరుగా పెట్టాను. చల్లమందు వాపస్ తీసుకోవడం కుదరదని స్టాకిస్టు అంటాడు. పరీక్షకు తీసుకెళ్లమని కంపెనీకి రాసిన ఉత్తరం ఏమైందో తెలియదు. స్టాకిస్టుకు రాసిన రెండో ఉత్తరంలో అడిగింది ఒక్కటే: ఆఖరి అరవై కిలోమీటర్లకు కూడా ప్రతి డబ్బాలో ఉష్ణోగ్రత రాసే పరికరం పెట్టండి. ఆ అక్క సెలవు పెట్టిన రోజు డబ్బా కట్టేదెవరు? నాలాగా మూత తీసి చూడని షాపులో, పలుకులు తేలే సీసా కొన్న మనిషికి తిననిది తిన్నావనే మాట ఎన్నాళ్లు పడుతుంది? నేను షాపులోనే ఉంటాను, పొద్దున తొమ్మిది నుంచి. కంపెనీవారైనా, స్టాకిస్టయినా, ఒక్కరు ముందుకొచ్చి చెప్పండి: ఆ అరవై కిలోమీటర్లలో మందుకు పూచీ ఎవరిది?