మిగులు సున్నా

రీడింగక్క కుడి మణికట్టు వంకరగా అతుక్కుంది. వాన పట్టిందంటే లోపల ఎముక సలుపుతుంది. ఎవరైనా అడిగితే "కుక్క అడ్డమొస్తే పడ్డాను" అంటుంది. ఇరవై రెండేళ్లుగా గడప గడపకూ తిరిగి కరెంటు మీటర్లు చూసే మనిషికి కుక్కలు అడ్డం రావడం వింతేమీ కాదు కాబట్టి ఎవరూ రెట్టించి అడగరు. నిజానికి దాన్ని విరగ్గొట్టింది ఓ ఇనుప రాడ్డు. ఆ రాడ్డును పైకి లేపించింది ఆమె నోరే.

ఆ నోరు చెడ్డదేం కాదు. కాకపోతే ఎదుటివాడి మొహంలో దిగులు కనిపిస్తే చాలు, తెలిసిందీ తెలియనిదీ కలిపి ధైర్యం చెప్పేస్తుంది. బిల్లు ఎక్కువొచ్చిందని ఏడ్చేవాళ్లకు "వచ్చే నెల తగ్గుతుందిలే" అంటుంది. తగ్గకపోతే ఆ నెల ఇంకో మాట వెతుక్కుంటుంది. అలాగే నెట్టుకొచ్చింది, ఎవరి తలా పగలకుండా.

వీధి చివర రెండంతస్తుల ఇల్లు. కింద అన్న వెల్డింగు షాపు, పైన తమ్ముడు ఊళ్లోవాళ్ల బట్టలు ఇస్త్రీ చేసేవాడు. ఎవరి మీటరు వాళ్లది. అన్న కప్పు మీద సోలార్ ప్యానెళ్లు బిగించుకున్నాడు. పాత మీటరు పీకేసి, రెండు వైపులా లెక్కపెట్టే కొత్త మీటరు పెట్టారు. మొదటి నెల రీడింగక్కే అతనికి దాన్ని చదవడం నేర్పింది.

"ఈ బటన్ నొక్కు. ఇది నువ్వు లైను నుంచి తీసుకున్నది. మళ్లీ నొక్కు. ఇది నువ్వు లైనుకి పంపింది."

"ఎండలో వెనక్కి తిరుగుతుందా అక్కా?"

"పిచ్చోడా, ఏదీ వెనక్కి తిరగదు. రెండు అంకెలూ పెరగడమే. పగలు నీ మెషీన్లు వాడుకోగా మిగిలిందే లైనెక్కుతుంది. నెలాఖర్లో తీసుకున్నదాంట్లోంచి పంపింది కొట్టేస్తాం. తీసుకున్నది ఎక్కువైతే ఆ తేడాకి బిల్లు. పంపింది ఎక్కువైతే మిగులు నీ పేరున జమ. వచ్చే నెలకి దాన్ని మోసుకెళ్తాం."

"పోదు కదా?"

"ఎక్కడికి పోతుంది? దాచుకో తమ్ముడూ."

అంతే. ఆ ఒక్క మాట. ఏడాది చివర జమంతా ఒక్కసారి తేల్చేస్తారని, మిగిలిన యూనిట్లకు తక్కువ రేటు కట్టి డబ్బు ఖాతాలో వేసి మళ్లీ సున్నా నుంచి మొదలెడతారని ఆమె చెప్పలేదు. ఆ వీధుల్లో అలాంటి మీటరు అదే మొదటిది. తర్వాత ఆఫీసువాళ్లు ఆ సంగతి రాసి కాగితం ఇచ్చారు, ఇంటింటా చెప్పమన్నారు. అది ఆమె సంచీలో టిఫిను డబ్బా కింద నలిగి, నూనె మరకలు పట్టి, అక్కడే ఉండిపోయింది.

అన్న ఆ మాటను పట్టుకుని ఏడాదంతా పిసినారిలా బతికాడు. ఎండాకాలంలో షాపులో ఫ్యాను కట్టేసి చెమటలో వెల్డింగు చేశాడు. వర్షాకాలంలో ఒక ఫ్యాక్టరీ గేట్ల పని చేతికి రాబోతోంది. మబ్బులకు ప్యానెళ్లు సగం కూడా ఇవ్వవు, గ్రైండరేమో రోజంతా తిరగాలి. దాచిన యూనిట్లు అప్పుడు ఆదుకుంటాయని అతని లెక్క. తమ్ముడు ఒకసారి దిగొచ్చి అడిగాడు.

"అన్నయ్యా, నీ దగ్గర ఊరికే పోగవుతున్నాయి కదా, ఒక వైరు పైకి లాగనీ. ఇస్త్రీ పెట్టె నా బిల్లు తాగేస్తోంది."

"చెయ్యి పెట్టావంటే విరగ్గొడతా."

ఆ మాట వీధంతా విన్నది. అప్పట్నుంచి ఇద్దరికీ పలకరింపుల్లేవు.

ఏడాది లెక్క తేలే నెల వచ్చింది. రీడింగక్క బటన్ నొక్కింది. తీసుకున్నది మూడువేల ఎనిమిదివందల అరవై రెండు. పంపింది ఐదువేల ఎనిమిది. చేతి మిషన్‌లో అంకెలు కొట్టి, బిల్లు చింపి, ముసుగేసుకుని వెల్డింగు చేస్తున్నవాడి బల్ల మీద పెట్టి, చూడకుండానే పక్కింటికి నడిచింది. పోయిన నెల అతని జమ వెయ్యిన్నీ ముప్పై ఎనిమిది. ఈ నెల ఇంకో నూటెనిమిది కలవాలి. కాగితం మీద మిగులు సున్నా.

ఆమె మూడో ఇంటి గేటు దాటకముందే కేక వినిపించింది. మనిషి కేకలా లేదది.

పరిగెత్తుకొచ్చేసరికి మెట్ల మీద నెత్తురు. పైన గదిలో ఇస్త్రీ బల్ల తిరగబడి ఉంది. తమ్ముడి దవడ పక్కకు జారిపోయింది. నోట్లోంచి నెత్తురు, దానితోపాటు ఒక పన్ను, తెల్లటి చొక్కాల మీద పడ్డాయి. ఊరుకునే రకమా వాడూ? కాలుతున్న ఇస్త్రీ పెట్టె ఎత్తి అన్న భుజానికి అదిమాడు. చొక్కా, చర్మం కలిసి అంటుకుపోయిన వాసన. అన్న అరవలేదు. పెట్టెను విదిలించి, తమ్ముడి గుండె మీద మోకాలు పెట్టి, రాడ్డు తల మీదికి ఎత్తాడు.

"నా యూనిట్లు తింటావురా! వెయ్యి యూనిట్లురా! ఏడాది చెమటరా!"

కిందపడ్డవాడు ఏదో చెప్పబోయాడు. దవడ కదల్లేదు.

వెనక్కి తిరిగి వెళ్లిపోవచ్చు. తప్పు తనదని ఆ ఇద్దరికీ ఎప్పటికీ తెలియదు. ఆ ఆలోచన వచ్చిందని తర్వాత ఆమె తనను తాను చాలాసార్లు తిట్టుకుంది.

"వాడు దొంగ కాదు!" గొంతు చించుకుని అరిచింది. "నీ మీటరు చూడు! వాడు నీ వైరు మీద పడితే తీసుకున్నది పెరగాలి, లేకపోతే పంపింది తగ్గాలి. రెండూ ఎప్పట్లాగే ఉన్నాయి. ఈ నెల తీసుకున్నది మూడొందల రెండు, పంపింది నాలుగొందల పది. ఎవడూ తినలేదు!"

"మరి ఎక్కడికి పోయాయి?"

"ఏడాది లెక్క మూశారు. మిగిలినవాటికి డబ్బు కట్టి సున్నా చేస్తారు. ఏటా అంతే. నీకు చెప్పాల్సింది నేను. చెప్పలేదు. పోవు, దాచుకో అన్నది నేనే!"

అతను తలెత్తి చూశాడు. తమ్ముడి కోసం ఎత్తిన రాడ్డు అలాగే గాల్లో తిరిగి ఆమె మీదికొచ్చింది. మొహానికి అడ్డం పెట్టిన చెయ్యి విరిగిన చప్పుడు ముగ్గురూ విన్నారు.

తర్వాత రాడ్డు వదిలేసి, ఆ ఇస్త్రీ బట్టల మధ్య కూర్చుని, అన్న పసివాడిలా ఏడ్చాడు. ఆస్పత్రిలో ఆమె కుక్క అడ్డమొస్తే పడ్డానని రాయించింది. తమ్ముడు దవడకు తీగలు కట్టించుకుని, ఏమీ రాయించకుండా ఇల్లు వదిలి వెళ్లిపోయాడు.

ఇప్పుడు రీడింగక్క ఏ గడప ముందైనా బటన్ నొక్కకముందే లెక్క మూసే నెల పేరు చెబుతుంది. వినకపోతే మళ్లీ చెబుతుంది. విసుక్కున్నా చెబుతుంది.

మరుసటి ఏడాది అదే నెలలో ఆ ఇంటికి వెళ్లింది. మిట్టమధ్యాహ్నం. ఆ నెల తీసుకున్నది పెరిగిపోయింది, పంపింది సగానికి పడిపోయింది. జమ దాదాపు కరిగిపోయింది. ఆశ్చర్యపోయి తలెత్తింది. షాపు బోర్డు నుంచి ఓ కొత్త వైరు గోడ పట్టుకుని పైకి పాకింది. పై గదిలో దీపాలన్నీ వెలుగుతున్నాయి. ఫ్యాను తిరుగుతోంది. ఇస్త్రీ పెట్టె బల్ల మీద నిలబెట్టి ఉంది, వేడిగా.

"పైన ఎవరు తమ్ముడూ? వాడు తిరిగొచ్చాడా?"

"ఎవరూ లేరక్కా," అన్నాడు అన్న, ముసుగు తియ్యకుండానే. "లెక్క మూసేలోపు ఈ యూనిట్లు అయిపోవాలి కదా. వాడివే అవి."

ఒక మీటరు నుంచి ఇంకో వాటాకు వైరు లాగడం రాయాల్సిన తప్పు. ఆమె వంకర చెయ్యి కలం దగ్గరదాకా వెళ్లి ఆగిపోయింది.